తమ్ముడి కోసం తోటను ట్రస్టులో పెట్టాలంటే: కాగితంలో ఖాయంగా ఉండాల్సిన మూడు సంగతులు

ఉద్దానంలో ఒక తల్లికి నాలుగు ఎకరాల ఇరవై సెంట్ల కొబ్బరి తోట ఉందనుకుందాం. భర్త లేడు, తోట ఆమె స్వార్జితం. సోంపేట బ్యాంకులో 18 లక్షల డిపాజిట్లున్నాయి. పెద్దకొడుకు విశాఖలో ఉద్యోగం చేస్తున్నాడు. చిన్నకొడుక్కి ముప్పై దాటినా డబ్బు లెక్క తెలియదు, పక్కన మనిషి లేకపోతే రోజు గడవదు. తల్లి కోరేది ఒకటే. తోటలో మూడెకరాలు, డిపాజిట్లలో 10 లక్షలు పెద్దవాడి చేతిలో ఉండాలి, వాటి మీద వచ్చేదంతా చిన్నవాడికి దక్కాలి. ఇది మనం లెక్కలు వేసుకోవడానికి ఊహించుకున్న కుటుంబం. ఇలాంటి ఇళ్లు మాత్రం శ్రీకాకుళం జిల్లాలో ఏ మండలంలోనైనా ఉంటాయి.

ఈ పనికి సరైన కాగితం ట్రస్టు దస్తావేజు. ఆస్తి ఒకరి పేరున ఉంటుంది, దాని ఫలం మరొకరిది. పేరున ఉన్నవాడు ట్రస్టీ, ఫలం తినేవాడు లబ్ధిదారు. కాగితం మీద "ట్రస్టు" అని పెద్దక్షరాలతో రాసినంత మాత్రాన ట్రస్టు పుట్టదు. మూడు విషయాలు ఖాయంగా తేలాలి: ఇది ట్రస్టే అన్న ఉద్దేశం, ఏ ఆస్తి మీద అన్నది, ఎవరి కోసం అన్నది. 1840లో ఇంగ్లండులో నైట్ వర్సెస్ నైట్ కేసులో లార్డ్ లాంగ్‌డేల్ ఈ మూడింటినీ ఒకచోట చెప్పాడు. అప్పటినుంచి వీటిని మూడు నిశ్చయాలు అంటున్నారు. మన ట్రస్టుల చట్టం, అంటే 1882 నాటిది, సెక్షన్ 6లో ప్రయోజనాన్ని విడిగా లెక్కపెట్టి నాలుగు చేసింది. దానికి తోడు ఆస్తిని ట్రస్టీకి బదిలీ చేయాలంది. ఆ చట్టం ప్రైవేటు ట్రస్టులకే. గుడికో సత్రానికో రాసే ధర్మాదాయాలకు వేరే దారి ఉంది, వాటి సంగతి చివర్లో ఒక్కమాట చెబుతాం.

ఈ మూడింట్లో ఏది తప్పినా ట్రస్టు పోతుందని చాలామందికి తెలుసు. ట్రస్టు పోయాక ఆస్తి ఎవరికి చేరుతుందన్నది మాత్రం ఏది తప్పిందన్నదాన్ని బట్టి మారుతుంది. అందుకే ప్రతి మెట్టు దగ్గరా ఆ లెక్క కూడా వేద్దాం.

మొదటి మెట్టు: ఉద్దేశం. "నమ్మకం" అన్న మాట తీసేయండి

దస్తావేజు లేఖరి దగ్గరికి వెళ్లి "తోట పెద్దోడికి, వాడు తమ్ముణ్ని చూసుకోవాలి" అని చెబితే చాలామంది దగ్గర వచ్చేది సెటిల్‌మెంటు దస్తావేజు. అందులో వాక్యాలు దాదాపు ఇలా ఉంటాయి:

"షెడ్యూలు తోటను నా పెద్ద కుమారునికి దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో, పుత్ర పౌత్ర పారంపర్యముగా అనుభవించుటకు ఇచ్చితిని. అతడు తన తమ్ముని బాగోగులు చూచుకొనగలడని నా పూర్తి నమ్మకము."

చదవడానికి నిండుగా ఉంది, తల్లి మనసులో మాట కూడా ఉంది. కోర్టు చదివే తీరు వేరు. మొదటి వాక్యం అమ్ముకునే హక్కు, దానమిచ్చే హక్కు, వారసులకు వదిలే హక్కు అన్నీ పెద్దకొడుక్కి ఇచ్చేసింది. అన్నీ ఇచ్చేశాక రెండో వాక్యం పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. "నమ్మకము" అనేది తల్లి ఆశను చెబుతుందే తప్ప కొడుకు మీద బాధ్యత పెట్టదు. పూర్తి హక్కులతో ఇచ్చిన ఆస్తిని ఫలానా విధంగానే అనుభవించాలని షరతు పెడితే, పుచ్చుకున్నవాడు ఆ షరతును పట్టించుకోనక్కర్లేదని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 11 చెబుతుంది. వీలునామా అయితే భారత వారసత్వ చట్టం సెక్షన్ 138 డబ్బు నిధుల విషయంలో ఇదే మాట అంటుంది.

ఇక్కడ మీకో చిక్కు ఎదురవుతుంది. ట్రస్టుల చట్టం సెక్షన్ 6 కింద మొదటి ఉదాహరణ చూస్తే, "సి మేలు కోసమే వినియోగిస్తాడన్న సంపూర్ణ నమ్మకంతో" బి కి ఆస్తి రాసిన వీలునామా ట్రస్టును పుట్టిస్తుందని ఉంది. మరి నమ్మకం అన్న మాట చాలుతుందిగా అనిపిస్తుంది. కానీ ఆ చట్టం అమల్లోకి వచ్చిన 1882లోనే, అప్పట్లో మన కేసులకు ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్, మన దేశం నుంచి వెళ్లిన ముస్సోరీ బ్యాంక్ వర్సెస్ రేనర్ అప్పీలులో ఇందుకు ఎదురుగా చెప్పింది. ఒక భర్త ఆస్తిని భార్యకు రాస్తూ, ఆమెకు అవసరం లేనప్పుడు పిల్లలకు న్యాయంగా పంచుతుందని నమ్మకం ఉందన్నాడు. అది ట్రస్టు కాదు, ఆస్తి భార్యదే, పిల్లలకు అడిగే హక్కు లేదని తీర్పు వచ్చింది. రెండింటినీ కలిపి చదివితే తేడా కనబడుతుంది. ఉదాహరణలో ఎవరికి, దేనికి అన్నది ఒకే దెబ్బకు తేలిపోయింది. ఆ కేసులో భార్య తనకు కావాల్సినంత వాడుకోవచ్చు, మిగిలింది ఎంతో, ఎప్పుడో, ఎవరికెంతో తెలియదు. ఒకే మాట ఒకచోట ట్రస్టును నిలబెట్టి మరోచోట నిలబెట్టలేకపోయిందంటే, ఆ మాట మీద మూడెకరాలు పందెం కాయడం దేనికి?

కాబట్టి ఇలా రాయించండి:

"షెడ్యూలు ‘ఎ’ ఆస్తిని నా పెద్ద కుమారునికి ట్రస్టీ హోదాలో మాత్రమే బదిలీ చేయుచున్నాను. ఈ ఆస్తిపై అతనికి సొంత లబ్ధి ఏదియు లేదు. ఆస్తిని, దానిపై వచ్చు ఆదాయమును అతడు నా చిన్న కుమారుని ప్రయోజనము కొరకు మాత్రమే ఉంచవలెను, వెచ్చించవలెను."

ఇందులో పని చేసే ముక్కలు మూడు: "ట్రస్టీ హోదాలో మాత్రమే", "సొంత లబ్ధి ఏదియు లేదు", "వెచ్చించవలెను". "వెచ్చించగలడు", "వెచ్చించునని ఆశించుచున్నాను", "వెచ్చించవలసినదిగా కోరుచున్నాను" ఏదీ వద్దు. మన రాతల్లో మర్యాద కోసం "కోరుచున్నాను" అని పెట్టే అలవాటు గట్టిది. కన్నకొడుక్కి ఆజ్ఞ ఇచ్చినట్టుంటే బాగోదని తల్లే అనొచ్చు. ఆ మర్యాదకు చోటు దస్తావేజు కాదు, ఆమె కావాలంటే విడిగా ఉత్తరం రాసుకోవచ్చు. "దాన వినిమయ విక్రయాది" అన్న వరుస పాత నమూనాలోంచి అలవాటుగా వచ్చి చేరుతుంది గనక, చిత్తు ప్రతిలో దాన్ని వెతికి మరీ కొట్టేయించండి. తోట అమ్మే అవసరం రావచ్చనుకుంటే "లబ్ధిదారు ప్రయోజనము కొరకు అవసరమైనచో విక్రయించి, వచ్చిన సొమ్మును ఇదే ట్రస్టులో ఉంచవలెను" అని వేరే వాక్యంగా పెట్టించండి.

ఉద్దేశం తప్పితే ఏమవుతుంది? ట్రస్టు లేదు, కానీ ఆస్తి ఇవ్వడం నిజంగానే జరిగింది. కాబట్టి పెద్దకొడుకు సొంతదారు అయిపోతాడు. మూడెకరాలూ అతనివే, తమ్ముడికి అందులో సెంటు కూడా రాదు. మూడు తప్పుల్లోనూ చిన్నవాడికి ఎక్కువ నష్టం చేసేది ఇదే. వృద్ధుల సంక్షేమం కోసం 2007లో వచ్చిన చట్టంలో సెక్షన్ 23 ఉంది కదా, దానితో రద్దు చేయించొచ్చుగా అని కొందరంటారు. ఆ సెక్షన్ ఆస్తి ఇచ్చిన వృద్ధుల సొంత పోషణ కోసం పెట్టినది. తమ్ముడి పోషణకు అది అక్కరకు రాదు.

ఇక నోటిమాట సంగతి. ఇంగ్లండులో ఒకాయన తన ఒక్కడి పేరున ఉన్న బ్యాంకు ఖాతా గురించి, కలిసి బతుకుతున్నామెతో "ఈ డబ్బు నాదెంతో నీదీ అంతే" అని పదే పదే అనేవాడు. ఆయన పోయాక, ఆ మాటలే ట్రస్టు ప్రకటన అని కోర్టు ఆమెకు సగం ఇప్పించింది. 1977 నాటి నివేదికల్లో పాల్ వర్సెస్ కాన్‌స్టన్స్ పేరుతో ఉంటుంది ఈ కేసు. మన దగ్గర దీన్ని నమ్ముకోకండి. ట్రస్టుల చట్టం సెక్షన్ 5 ప్రకారం భూమి, ఇల్లు లాంటి స్థిరాస్తి మీద ట్రస్టుకు సంతకం చేసి రిజిస్టరు చేయించిన రాత గానీ వీలునామా గానీ ఉండాలి. చరాస్తికి కూడా అలాంటి రాత ఉండాలి, లేదా ఆస్తి ట్రస్టీ పేరున మారి ఉండాలి. డబ్బు తన పేరునే ఉంచుకుని నోటితో చెబితే రెండూ లేనట్టే.

రెండో మెట్టు: ఏ మూడెకరాలు?

"నా నాలుగు ఎకరాల ఇరవై సెంట్ల తోటలో మూడు ఎకరాలు ట్రస్టుకు చెందును." ఈ వాక్యంలో తప్పు కళ్లకు కనబడదు. తోటలోకి వెళ్లి నిలబడితే కనబడుతుంది. రోడ్డు వైపు ముక్కలో బోరు ఉంది, చెట్లు కాపు మీదున్నాయి. డొంక వైపు ముక్కలో సగం చెట్లు పాతబడి, తుపాన్లకు తలలు విరిగి ఉన్నాయి. మూడెకరాలు ఏ వైపు నుంచి కొలవాలి? పెద్దకొడుకు ఒకటంటాడు, రేపు తమ్ముడి తరఫున మాట్లాడే మేనమామ ఇంకోటంటాడు, కాగితం ఎవరి పక్షానా చెప్పదు. ట్రస్టు ఏ మట్టి మీద ఉందో చెప్పలేకపోతే ఆ ట్రస్టు లేనట్టే.

దీనికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, ముందే కొలిపించడం. సర్వేయరుతో సబ్‌డివిజన్ చేయించి, మూడెకరాల ముక్కకు నాలుగు దిక్కుల హద్దులు రాసి, నక్షా గీయించి దస్తావేజుకు జత చేయండి. రీసర్వే అయిన గ్రామమైతే పాత సర్వే నంబరుతో పాటు కొత్త ఎల్‌పీఎం నంబరు కూడా షెడ్యూలులో ఉండాలి. పాస్ పుస్తకంలో ఒక విస్తీర్ణం, 1బిలో ఇంకో విస్తీర్ణం కనబడితే ముందు అది సరిచేయించుకోండి. 22ఎ నిషేధిత జాబితాలో ఆ నంబరు ఉందేమో కూడా అప్పుడే చూడండి. బదిలీకి వీల్లేని భూమి ట్రస్టుకూ పనికిరాదు.

రెండోది, కొలవకుండానే వంతు రాయడం. "నాలుగు ఎకరాల ఇరవై సెంట్లలో అవిభక్తమైన 7లో 5 వంతులు" అంటే లెక్కకు సరిగ్గా మూడెకరాలే వస్తుంది. కానీ చట్టం దృష్టిలో ఇది వేరే వస్తువు. ఇప్పుడు ఏ ముక్క అన్న ప్రశ్నే లేదు. తోటంతా ఉమ్మడిది, ప్రతి చెట్టులోనూ ట్రస్టుకు ఏడింట అయిదు వంతులున్నాయి. ఆస్తి ఖాయమైపోయింది. అయితే ఈ దారిలో గొడవ ముందుకు జరుగుతుందే కానీ పోదు. ఎప్పుడో ఒకప్పుడు పంపకం చేయాల్సిందే. సర్వేకు అయ్యే ఖర్చు భరించగలిగితే మొదటి దారే మేలు.

డబ్బు విషయంలోనూ ఇదే. "నా డిపాజిట్లలో అధిక భాగం" అన్నది చెల్లదని చట్టమే సెక్షన్ 6 ఉదాహరణల్లో చెబుతుంది: ఆస్తిలో అధిక భాగాన్ని సి పిల్లలకు పంచమని బి ని కోరితే ఆస్తి ఖాయం కాలేదు గనక ట్రస్టు లేదు. "పెద్దవాడి ఖర్చులు పోను మిగిలినది" అన్నదీ అదే జాతి. 10 లక్షలు అని అంకె వేసి, ఏ బ్యాంకు, ఏ శాఖ, ఏ డిపాజిట్ రసీదు నంబర్లు అన్నవి షెడ్యూలు ‘బి’లో రాయండి. ఆ డిపాజిట్లను 18 లక్షల్లోంచి విడదీసి ట్రస్టు ఖాతాలో వేస్తే ప్రశ్నే మిగలదు.

షెడ్యూలు అన్నాం గనక ఒక హెచ్చరిక. దస్తావేజులో "ఈ దిగువ షెడ్యూలులో చూపిన ఆస్తి" అని ఉండి, ఆఖరి పేజీలో షెడ్యూలు ఖాళీగా ఉండడం అనుకున్నంత అరుదు కాదు. వీలునామాల్లో అయితే "తర్వాత అతికిద్దాం" అనుకుని వదిలేస్తారు. షెడ్యూలు ప్రకారం వస్తువులిచ్చానని రాసి, ఆ షెడ్యూలు దొరక్కపోతే ఆ రాత చెల్లదని వారసత్వ చట్టం సెక్షన్ 89 ఉదాహరణే ఇచ్చింది. షెడ్యూలు పేజీ మీద కూడా సంతకం పెట్టించండి.

ఆస్తి ఖాయమే కానీ ఎవరికెంత అన్నది ఖాయం కాకపోవడం ఇంకో రకం. 1849లో ఇంగ్లండులో బాయిస్ వర్సెస్ బాయిస్ అని ఒక కేసు. తండ్రి తన ఇళ్లలో ఒకటి ఒక కూతురు ఎంచుకోవాలని, మిగతావి రెండో కూతురికని రాశాడు. ఎంచుకోవాల్సిన కూతురు తండ్రి కన్నా ముందే పోయింది. ఏది ఎంచుకునేదో తెలియదు గనక "మిగతావి" ఏవో తేలలేదు, రెండో కూతురి ట్రస్టూ పోయింది. మన ఊళ్లలో "పెద్దది తనకు నచ్చిన ఇల్లు తీసుకున్నాక..." అని రాయించేవాళ్లు దీన్ని గుర్తు పెట్టుకోవాలి. ఎంచుకునేవారు ఎంచుకోకుండా పోతే ఏ ఇల్లు ఎవరిదో అదే వాక్యంలో రాసెయ్యాలి.

ఆస్తి నిశ్చయం తప్పితే ఫలితం ఇలా ఉంటుంది. ఏ మూడెకరాలో తెలియకపోతే ట్రస్టు పట్టుకునే వస్తువే లేదు. కాబట్టి తోటంతా తల్లిదిగానే ఉండిపోతుంది. ఆమె తర్వాత, వేరే వీలునామా లేకపోతే, కొడుకులిద్దరికీ చెరో రెండెకరాల పది సెంట్లు. చిన్నవాడికి భూమి వస్తుంది, కానీ దాన్ని నడిపే ట్రస్టీ ఉండడు. సంతకం పెట్టలేని మనిషి పేరున భూమి, దాని కోసం మళ్లీ సంరక్షకుడి నియామకం, ఆ తిరుగుడు. దీన్ని తప్పించాలనే కదా తల్లి ట్రస్టు రాసింది. ఇక ముందు పూర్తిగా పెద్దకొడుక్కి ఇచ్చేసి, "అందులో అధిక భాగం తమ్ముడికి" అని ఆ తర్వాత తగిలించి ఉంటే సంగతి వేరు: ఆ తగిలింపు రాలిపోయి, మొత్తం పెద్దవాడి దగ్గరే ఉండిపోతుంది. ఒకే తప్పు, వాక్యాల వరుసను బట్టి రెండు ఫలితాలు.

మూడో మెట్టు: ఎవరి కోసం

మన ఉదాహరణలో ఇది తేలిక. చిన్నకొడుకు పూర్తి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఆధార్‌లో ఉన్నట్టుగా రాస్తే చాలు. మానసిక వైకల్యం ఉన్నా ఆస్తి కలిగి ఉండగలవాడే, కాబట్టి లబ్ధిదారు కాగలడు. ప్రయోజనాన్ని కూడా విప్పి రాయండి: తిండి, బట్ట, ఉండే ఇల్లు, మందులు, చూసుకునే మనిషి జీతం, మిగిలిన ఆదాయం అతని పేరున జమ. "అతని క్షేమం కొరకు" అని ఒక్కమాటతో సరిపెడితే ట్రస్టు పోదు గానీ, కొబ్బరికాయల ధర పడిపోయిన ఏడాది దేనికి ముందు ఖర్చు పెట్టాలన్న దగ్గర పేచీ మొదలవుతుంది.

అసలు గుంట మాత్రం తర్వాతి వాక్యంలో ఉంది. చిన్నకొడుకు తర్వాత ఎవరు? చాలా దస్తావేజులు ఇక్కడ మౌనంగా ఉంటాయి. అతని జీవితకాలానికే రాసి ఆపేస్తే, ఆ తర్వాత మిగిలిన తోట ట్రస్టుల చట్టం సెక్షన్ 83 కింద తిరిగి తల్లివైపు, ఆమె లేకపోతే ఆమె వారసులవైపు వస్తుంది. తల్లికి కావాల్సింది అదే అయితే సరే, అయినా రాసి ఉండడం మంచిది. లేదంటే కొందరు ఇలా రాస్తారు: "తరువాత మా బంధువులలో అర్హులైనవారికి ట్రస్టీ తన ఇష్టానుసారం పంచవలెను." ఇది చెల్లదు. "సి కుటుంబంలో ఎక్కువ అర్హులని బి కి తోచినవారికి" పంచమంటే లబ్ధిదారులు ఖాయం కాలేదని సెక్షన్ 6 మూడో ఉదాహరణ నేరుగా చెబుతుంది.

ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు చదివినవారు ఇక్కడే బోల్తా పడతారు. అక్కడ 1970లో మెక్‌ఫెయిల్ వర్సెస్ డౌల్టన్ తీర్పు వచ్చాక, ఒక కంపెనీ ఉద్యోగులు, మాజీ ఉద్యోగులు, వాళ్ల బంధువులు, ఆధారితులు అన్నంత పెద్ద గుంపుకైనా ట్రస్టీ ఎంపిక మీద ట్రస్టు పెట్టొచ్చు. ఫలానా మనిషి ఆ గుంపులో ఉన్నాడా లేదా అన్నది చెప్పగలిగితే చాలు, పూర్తి జాబితా అక్కర్లేదు. మన దగ్గర చట్టంలోనే ఎదురు ఉదాహరణ కూర్చుని ఉండగా ఆ పరీక్షను నమ్ముకుని దస్తావేజు రాయడం సాహసం. "నా పెద్ద కుమారుని సంతానానికి, చిన్న కుమారుడు మరణించిన నాటికి జీవించి ఉన్నవారికి, సమాన భాగములుగా" అని రాస్తే గుంపు, తేదీ, వాటా మూడూ తేలిపోతాయి. ఆ రోజున జాబితా తీయమంటే రెండు నిమిషాల పని.

లబ్ధిదారు ఖాయం కాకపోతే పెద్దకొడుకు సొంతదారు కాలేడు. ఇది మొదటి మెట్టుకు సరిగ్గా తలకిందులు. ఇక్కడ ట్రస్టు ఉద్దేశం స్పష్టంగా ఉంది, "సొంత లబ్ధి లేదు" అని అతనే సంతకం చేశాడు. కానీ ఎవరికివ్వాలో తెలియదు. సెక్షన్ 83 మొదటి ఉదాహరణ ఈ పరిస్థితినే చెబుతుంది. ట్రస్టుగా బదిలీ చేసి ట్రస్టు ఏమిటో చెప్పకపోయినా, చెప్పింది అమలు చేయలేనంత అస్పష్టంగా ఉన్నా, పుచ్చుకున్నవాడు ఇచ్చినవారి కోసమే ఆస్తిని పట్టుకుని ఉంటాడు. అంటే మూడెకరాలు మళ్లీ తల్లివి, ఆమె తర్వాత కొడుకులకు చెరో ఎకరం యాభై సెంట్లు. మధ్యలో తీసిన కొబ్బరి డబ్బుకు కూడా పెద్దవాడు లెక్క చెప్పాలి.

ధర్మాదాయాల గురించి అనుకున్న ఒక్కమాట ఇదే. "నా తోట ఆదాయం ధర్మానికి" అని రాయించే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రణ్‌ఛోడ్‌దాస్ వర్సెస్ పార్వతీబాయి కేసులో 1899లో ప్రీవీ కౌన్సిల్ "ధర్మం" అన్న ఒక్క మాట చాలా విశాలమైనదని, కోర్టు అమలు చేయలేదని, ఆ రాత చెల్లదని తేల్చింది. ఫలానా గుడిలో నిత్యదీపం, ఫలానా ఊళ్లో చలివేంద్రం అని రాస్తే ఈ బాధ ఉండదు.

మరి ట్రస్టీ ఖాయంగా లేకపోతే? దానికి ట్రస్టు పోదు. ట్రస్టీ చనిపోయినా, వద్దన్నా, అసలు నియమించకపోయినా లబ్ధిదారు కోర్టుకు వెళ్లి అమలు చేయించుకోవచ్చు, సెక్షన్ 59 అందుకే ఉంది. అయినా పెద్దకొడుకు తర్వాత ట్రస్టీ ఎవరో రెండు పేర్లు వరుసలో రాసి ఉంచండి.

సంతకానికి ముందు, తర్వాత

చిత్తు ప్రతి చేతికొచ్చాక కుటుంబానికి సంబంధం లేని ఒకరికి ఇచ్చి మూడు ప్రశ్నలు అడగండి: ఇందులో పెద్దకొడుకు సొంతంగా ఏమైనా తినొచ్చా? ఏ ముక్కో తోటలో నిలబడి చూపించగలరా? చిన్నకొడుకు పోయిన మర్నాడు తోట ఎవరిది? ప్రతిదానికీ వేలు పెట్టి ఒక వాక్యం చూపించగలిగితే సరే. "అర్థం అదే కదండీ" అన్నారంటే ఆ వాక్యం మళ్లీ రాయించాలి.

రిజిస్ట్రేషన్ అయింది గనక ట్రస్టు చెల్లుతుందనుకోవద్దు. సబ్ రిజిస్ట్రారు చూసేది సంతకం చేసింది వీళ్లేనా, సుంకం కట్టారా, ఆస్తి నిషేధంలో ఉందా లాంటివే. మూడు నిశ్చయాలు ఉన్నాయా లేవా అన్నది ఆయన తేల్చరు. తప్పున్న దస్తావేజుకూ నంబరు పడుతుంది. అది బయటపడేది తల్లి పోయాక, వ్యాజ్యంలో.

తల్లికి ఇప్పుడే తోట వదులుకోవడం ఇష్టం లేకపోతే రెండు దారులున్నాయి. తానే ట్రస్టీగా ఉంటానని ప్రకటిస్తూ, తన తర్వాత పెద్దకొడుకు ట్రస్టీ అని రాసి రిజిస్టరు చేయించొచ్చు. అప్పుడు బదిలీ అక్కర్లేదు. లేదా ట్రస్టును వీలునామాలోనే పెట్టి ఇద్దరు సాక్షులతో సంతకం చేయించొచ్చు. వీలునామాను బతికున్నంతకాలం మార్చుకోవచ్చు. దస్తావేజుతో పెట్టిన ట్రస్టును, రద్దు అధికారం అందులోనే ఉంచుకోకపోతే, తన ఇష్టం మీద మార్చలేదు. మనసు ఇంకా ఊగుతుంటే వీలునామా దారే నయం.

ఇప్పుడే బదిలీ చేసేటట్టయితే రిజిస్ట్రేషన్‌తో పని సగమే అయినట్టు. మూడెకరాలకు రెవెన్యూ రికార్డులో మ్యుటేషన్ దరఖాస్తు పెట్టి, "ట్రస్టీ హోదాలో" అన్న మాట నమోదయ్యేలా అడగండి. ఆ మాట లేకుండా పెద్దకొడుకు ఒక్కడి పేరే ఎక్కితే, కొనడానికి వచ్చినవాడికి అది సొంత ఆస్తిలా కనబడుతుంది. బ్యాంకులో దస్తావేజు నకలు ఇచ్చి ట్రస్టు పేరున ఖాతా తెరిచి, ఆ రసీదుల సొమ్మును అందులోకి మార్పించండి. దస్తావేజులో షెడ్యూలు ‘బి’ ఎంత చక్కగా ఉన్నా, బ్యాంకు పుస్తకాల్లో పేరు మారేదాకా ఆ 10 లక్షలు అడిగే పని ట్రస్టీకి మిగిలే ఉంటుంది. ఈలోగా తల్లికి జబ్బు చేసి అదే డిపాజిట్ తెంచితే ట్రస్టు చేతిలో రసీదు నంబరే మిగులుతుంది.